అభ్యంతరాలు, సూచనలు: కర్నూలు నోటీసు, కడప సభ

ప్రాజెక్టు పెట్టబోయేవాళ్ళు జనాన్ని ఏమని అడుగుతారో, ఎప్పటిలోగా చెప్పమంటారో చూస్తే, వచ్చిన జవాబును ఏం చేయబోతున్నారో సగం అర్థమైపోతుంది. రాయలసీమలో ఇలా అడిగే పద్ధతులు రెండింటిని పక్కపక్కన పెట్టి చదవడం నా ఉద్దేశం. ఒకటి కర్నూలు నుంచి వెలువడే విద్యుత్ నియంత్రణ మండలి నోటీసు. రెండోది కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం గని కోసం 2006 సెప్టెంబరులో జరిపిన తరహా ప్రజాభిప్రాయ సేకరణ సభ. రెండూ చట్టం చెప్పిన ప్రకారమే నడుస్తాయి. రెండింటికీ ముందుగా పత్రికల్లో ప్రకటన ఇస్తారు, రెండింటికీ తేదీ ఉంటుంది, రెండింటిలోనూ కోరేది అభ్యంతరాలూ సూచనలే. అయినా ఒకదానిలో రాసినవాడికి జవాబు దొరుకుతుంది, రెండోదానిలో మాట్లాడినవాడికి హామీ దొరుకుతుంది. ఈ తేడా ఎక్కడ పుట్టిందో చూద్దాం.

ముందు కర్నూలు సంగతి. ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి కార్యాలయం ఇప్పుడు కర్నూలులో, దిన్నెదేవరపాడు రోడ్డులో, విద్యుత్ నియంత్రణ భవన్‌లో ఉంది. కర్నూలు, కడప జిల్లాలకు కరెంటు ఇచ్చే డిస్కం ఎస్పీడీసీఎల్, దాని ముఖ్య కార్యాలయం తిరుపతి. ఏటా నవంబరు 30 లోపు డిస్కంలు వచ్చే ఆర్థిక సంవత్సరానికి తమకు ఎంత ఖర్చవుతుందో, ఎవరి దగ్గర ఎంత వసూలు చేయాలనుకుంటున్నారో లెక్క కట్టి మండలి ముందు పెట్టాలి. ఆ లెక్క సారాంశాన్ని పత్రికల్లో ప్రకటించాలని, జనం చెప్పిన అభ్యంతరాలన్నీ పరిశీలించాక, దరఖాస్తు అందిన 120 రోజుల్లో మండలి ఉత్తర్వు ఇవ్వాలని 2003 నాటి విద్యుత్ చట్టం 64వ సెక్షన్ చెబుతుంది.

ఈ నోటీసును ఒక రచనగా చదివితే దాని బలం అర్థమవుతుంది. అభ్యంతరం ఫలానా తేదీ సాయంత్రం 5 గంటలలోగా చేరాలంటుంది. రాసే తీరు కూడా అదే చెబుతుంది. పేరు, పూర్తి చిరునామా ఉండాలి, అభ్యంతరం క్లుప్తంగా ఉండాలి, ఏ డిస్కం ప్రతిపాదన మీద రాస్తున్నారో తెలపాలి. ఒక ప్రతిని ఆ డిస్కంకు ఇచ్చినట్టు రుజువు జత చేయాలి. విచారణలో స్వయంగా మాట్లాడతారా లేదా అన్నది కూడా ముందే చెప్పాలి. చూడ్డానికి గుమాస్తా వ్యవహారంలా ఉన్నా ఇందులో ప్రతి అడుగుకూ ఒక పని ఉంది. ప్రతిని డిస్కంకు ఇవ్వమనడం వల్ల అవతలివాళ్ళు విచారణ నాటికి రాతపూర్వకంగా జవాబు సిద్ధం చేసుకోక తప్పదు. మాట్లాడతారా అని ముందే అడగడం వల్ల ఆ రోజు ఎంతమందికి ఎంతసేపు ఇవ్వాలో తేలుతుంది. ఆఖరున వెలువడే టారిఫ్ ఉత్తర్వులో అభ్యంతరం ఏమిటి, డిస్కం ఏమన్నది, మండలి ఏం తేల్చింది అన్న మూడూ ఒకదాని కింద ఒకటి అచ్చవుతాయి. అభ్యంతరాలు రాసినవారి జాబితా కూడా చివర ఉంటుంది. ఒక పౌరుడు రాసిన మాట, దానికి వచ్చిన సమాధానం ఒకే పుటలో శాశ్వతంగా నిలిచిపోయే ప్రభుత్వ పత్రాలు మనకు ఎక్కువ లేవు.

అంతకంటే ముఖ్యమైన బలం ఇంకోటి ఉంది. జనం ముందు పెట్టినది ఒక నిర్దిష్టమైన పట్టిక. ఫలానా వర్గానికి యూనిట్‌కు ఇంత, నెలకు స్థిర ఛార్జీ ఇంత అని అందులో ఉంటుంది. కాబట్టి వచ్చే జవాబు కూడా ఆ పట్టికకు అతుక్కుని ఉండగలదు. ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లు యజమాని ఉన్నాడనుకుందాం. "కరెంటు ఛార్జీలు భరించలేకపోతున్నాం, దయచేసి తగ్గించండి" అని ఆయన రాస్తే, "ఖర్చులు పెరిగినందున తప్పలేదు" అని డిస్కం ఒక్క వాక్యంలో తేల్చేస్తుంది. అలా కాకుండా, సీజన్‌లో మాత్రమే నడిచే పరిశ్రమలకు ఆఫ్ సీజన్‌లో వేసే డిమాండ్ ఛార్జీ ఎంతో పట్టికలో చూపించి, తన మిల్లు పత్తి వచ్చే నెలల్లోనే తిరుగుతుందని మూడేళ్ళ బిల్లులు జత చేసి, మిగతా నెలల్లో వాడిన కరెంటుకూ కట్టిన ఛార్జీకీ ఉన్న తేడాను లెక్క కట్టి చూపితే, డిస్కం ఆ లెక్కకు లెక్కతోనే బదులివ్వాలి. తగ్గిస్తారని భరోసా లేదు. కానీ జవాబు తప్పించుకునే దారి మూసుకుపోతుంది.

ఇక కడప వైపు. తుమ్మలపల్లె గని నేలలో ఉన్న ఖనిజం డోలమైట్ సున్నపురాయిలో కలిసి ఉంటుంది. అందుకని యురేనియం కార్పొరేషన్ అక్కడ క్షార పద్ధతి ఎంచుకుంది. రాయిని పొడి చేసి, సోడియం కార్బొనేటు, బైకార్బొనేటు ద్రావణంతో యురేనియాన్ని కరిగించి తీస్తారు. మిగిలిన బురదను టైలింగ్ పాండ్‌లోకి పంపుతారు. ఆ పాండ్ కె.కె. కొట్టాల పక్కన ఉంది. చుట్టూ అరటి తోటలు, వాటిని బతికించేవి లోతు బోర్లు. అంటే మనుషులకు అక్కడ ప్రాణాధారమైన ప్రశ్న ఒక్కటే, బోరు నీళ్ళ ప్రశ్న. 

2006 సెప్టెంబరు సభ పాత నోటిఫికేషన్ కింద జరిగింది. 1994 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్‌లో 1997లో బహిరంగ విచారణను చేర్చారు. అదే సెప్టెంబరు 14న దాని స్థానంలో వచ్చిన 2006 నోటిఫికేషన్ ఈ రోజుకీ ఇలాంటి సభలన్నిటికీ ఆధారం. దాని నాలుగో అనుబంధం పద్ధతిని వివరంగా చెబుతుంది. కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ దినపత్రికలో, ఒక స్థానిక భాషా పత్రికలో ప్రకటించాలి. ముసాయిదా నివేదికను, ఇంగ్లీషులోనూ స్థానిక భాషలోనూ దాని సారాంశాన్ని కలెక్టరేటులో, జిల్లా పరిషత్తులో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో, స్థానిక పంచాయతీలో అందుబాటులో ఉంచాలి. కలెక్టరు గానీ అదనపు కలెక్టరు స్థాయికి తగ్గని అధికారి గానీ సభ నడపాలి. అంతా వీడియో తీయాలి. వచ్చినవాళ్ళలో ప్రతి ఒక్కరికీ అడిగే అవకాశం ఇవ్వాలి. సభ ముగిసేలోగా జరిగినదాని సారాంశాన్ని స్థానిక భాషలో చదివి వినిపించాలి. జనం లేవనెత్తిన అంశాలు, వాటి మీద సంస్థ వ్యాఖ్యలు కలిపి ఒక ప్రకటన తయారు చేయాలి.

కాగితం మీద ఇది కర్నూలు పద్ధతికంటే ప్రజాస్వామికంగా కనిపిస్తుంది. ఇక్కడ రుజువు జత చేయక్కర్లేదు, ముందే పేరు ఇవ్వక్కర్లేదు, చదువు రానివాళ్ళు కూడా మైకు పట్టుకోవచ్చు. ఈ గుణాన్ని తక్కువ చేసి చూడకూడదు. కర్నూలు నోటీసుకు అభ్యంతరం రాసేవాళ్ళలో ఏటేటా కనిపించే పేర్లు కొన్నే ఎందుకు ఉంటాయో ఆలోచిస్తే, ఈ తలుపు ఎంత అవసరమో తెలుస్తుంది. అయినా ఈ పద్ధతిలో లోపం ప్రశ్నలోనే ఉంది. ఒక ప్రాజెక్టు మొత్తాన్ని ముందు పెట్టి, నీరు, గాలి, పేలుళ్ళు, ఉద్యోగాలు, పునరావాసం, రోడ్డు అన్నిటినీ కలిపి "మీ అభిప్రాయం ఏమిటి" అని అడుగుతారు. జవాబు చెప్పేవాడికి దొరికేది కొన్ని నిమిషాలు. అతనూ అన్నిటినీ కలిపే మాట్లాడతాడు. "మా బోర్లు ఏమవుతాయి, మా పిల్లలకు ఉద్యోగాలిస్తారా, దుమ్ము సంగతేమిటి" అని ఒక్క ఊపిరిలో అడుగుతాడు. వ్యాఖ్యల గడిలో "తగిన చర్యలు తీసుకుంటాం, అర్హులకు ప్రాధాన్యం ఇస్తాం" అని పడుతుంది. ప్రశ్న ఎంత వదులుగా ఉంటే జవాబు అంత వదులుగా రాయడానికి వీలు.

కె.కె. కొట్టాల వైపు ఆ తర్వాత జరిగిన వాదన చూడండి. పాండ్ నుంచి ఊట దిగి బోరు నీళ్ళు చెడిపోయాయని, నేల పైన తెల్లగా ఉప్పు తేలుతోందని, అరటి దెబ్బతిన్నదని రైతులు చెబుతూ వచ్చారు. తమ పాండ్ వల్ల కాదని సంస్థ చెబుతూ వచ్చింది. 2018లో పాండ్ అడుగున వేయాల్సిన పొర విషయంలో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి సంస్థకు నోటీసు ఇచ్చింది. ఎవరిది నిజమో ఇక్కడ తీర్పు చెప్పడం నా పని కాదు. నేను చూపదలచింది వేరు. యురేనియం ఉన్న నేలలో నీటిలో కొంత యురేనియం సహజంగానే ఉండవచ్చు. కాబట్టి పాండ్ రాకముందు ఈ ఫలానా బోరులో ఎంత ఉంది అన్న అంకె లేకపోతే, తర్వాత వచ్చిన అంకె ఎవరికీ ఏమీ రుజువు చేయదు. ప్రభావ మదింపు నివేదికల్లో నీటి నమూనాలు ఉంటాయి, కానీ అవి ఎంచుకున్న కొన్ని చోట్ల తీసినవి. తన పొలంలోని బోరు సంగతి ఆ రైతుకు తెలుసు. ఎన్ని అడుగులు వేశాడో, ఏ వేసవిలో ఎండిందో, నీళ్ళు సప్పగా ఉండేవో ఉప్పగా ఉండేవో చెప్పగలడు. సభకు పిలిచి అతన్ని అభిప్రాయం అడిగారు. అతని దగ్గరున్న సమాచారం మాత్రం ఎవరూ అడగలేదు. నోటిఫికేషన్ అలా అడగమని ఎక్కడా చెప్పదు.

ఇదే ప్రభుత్వం, ఇదే రైతును, చాలా సూటిగా అడిగే సందర్భం ఒకటుంది, భూసేకరణ. 1894 నాటి చట్టంలో 9వ సెక్షన్ నోటీసు రైతు ఇంటికి వచ్చేది. ఆ భూమిలో నీకున్న హక్కు ఏ రకమైనది, పరిహారంగా ఎంత కోరుతున్నావు, ఏ లెక్కన కోరుతున్నావు, మా కొలతల మీద అభ్యంతరం ఉందా, ఉంటే ఫలానా రోజు ఫలానా చోటికి వచ్చి చెప్పు అని అందులో ఉండేది. ప్రకటించాక ఆ రోజుకు కనీసం 15 రోజుల వ్యవధి ఉండాలి. 2013 చట్టంలో 21వ సెక్షన్ దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతుంది, వ్యవధిని మాత్రం కనీసం 30 రోజులకు, గరిష్ఠంగా ఆరు నెలలకు మార్చింది. అడిగే కళ పరంగా చూస్తే మూడింటిలోకీ ఇదే పదునైనది. సర్వే నంబరు ఉంటుంది, విస్తీర్ణం సెంట్లతో సహా ఉంటుంది, ఏం చెప్పాలో వరసగా ఉంటుంది.

పదును ఉంటే చాలదన్న సంగతీ ఇక్కడే తెలుస్తుంది. ఈ నోటీసు ఎంత కావాలి అని అడుగుతుంది, ఇస్తావా అని అడగదు. ఆ ప్రశ్నకు చట్టంలో వేరే చోటు ఉంది. పాత చట్టంలో 5ఏ సెక్షన్ కింద 30 రోజులు ఇచ్చేవారు, అత్యవసరమని 17వ సెక్షన్ వాడితే ఆ అవకాశాన్నే ఎత్తేయగలిగేవారు. కొత్త చట్టంలో 15వ సెక్షన్ కింద 60 రోజులు. ఒక రైతు ఆ 60 రోజులు జారవిడుచుకుని, తర్వాత వచ్చిన 21వ సెక్షన్ నోటీసుకు "నేను భూమి ఇవ్వను" అని రాసిస్తే, అది అడిగిన ప్రశ్నకు జవాబు కాదని పక్కన పెడతారు. ప్రశ్న సూటిగా ఉండడం అడిగేవాడికి మేలు చేసినట్టే అడిగించుకునేవాడికీ మేలు చేయాలంటే, ప్రశ్నల చుట్టూ గీసిన గీత అవతల ఏముందో కూడా చెప్పడానికి ఒక ఖాళీ చోటు ఉంచాలి. తుమ్మలపల్లె తరహా సభలో ఆ ఖాళీ తప్ప ఇంకేమీ లేదు. 21వ సెక్షన్ నోటీసులో ఖాళీ అసలే లేదు. కర్నూలు నోటీసు ఈ రెండింటి మధ్య నిలబడింది కాబట్టే నాకు మెరుగనిపిస్తుంది.

మెరుగైనా, గడువు విషయంలో కర్నూలు నోటీసును కూడా క్షమించలేం. నవంబరు 30న లెక్కలు దాఖలవుతాయి. నోటీసు డిసెంబరులో పడుతుంది, విచారణలు జనవరి చుట్టుపక్కల జరుగుతాయి. కర్నూలు పడమటి మండలాల్లో అది సుగ్గికాలం. కోసిగి, మంత్రాలయం, పెద్దకడబూరు వైపు పల్లెల్లో వానాకాలం పంట చేతికి రాకపోతే, వచ్చినా చాలకపోతే, ఇళ్ళకు తాళాలు వేసి గుంటూరు వైపు మిరపకోతలకు, పత్తి తీతకు పోతారు. ఊళ్ళో ముసలివాళ్ళు, బడికి పోయే పిల్లల్లో కొందరు మిగులుతారు. మండలి తలుపు కర్నూలుకు వచ్చింది, కానీ ఆ తలుపు తెరిచే నెలల్లోనే జిల్లాలోని అతి పేద వినియోగదారుడు జిల్లాలో ఉండడు. పంపుసెట్ల కరెంటు ఉచితం కదా, రైతుకు దీనితో పనేమిటి అనిపించవచ్చు. ఉచితానికి ప్రభుత్వం ఎంత సబ్సిడీ కట్టాలి, ఎన్ని కనెక్షన్లని లెక్క చూపాలి, ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతే ఎన్ని గంటల్లో మార్చాలి అన్నవన్నీ ఆ విచారణల్లోకి వచ్చే సంగతులే. గడువు తేదీని కొన్ని వారాలు జరపడం 120 రోజుల చట్టపు లెక్కలో కష్టం కావచ్చు. కానీ డిసెంబరు మొదట్లోనే గ్రామ సచివాలయం గోడ మీద ఒక పేజీ తెలుగు సారాంశం అంటించడం, వలస పోయినవాళ్ళు ఫోన్‌లో చెప్పింది రాసుకుని రసీదు ఇవ్వడం చట్టానికి అడ్డం కాదు.

గడువును కుదించాలన్న ప్రయత్నం కూడా మనం చూశాం. 2020 నాటి పర్యావరణ ప్రభావ మదింపు ముసాయిదా నోటిఫికేషన్ బహిరంగ విచారణ వ్యవధిని 30 రోజుల నుంచి 20కి తగ్గించాలని ప్రతిపాదించింది. ఆ ముసాయిదా మీదే జనం అభిప్రాయం చెప్పే గడువు పెద్ద వివాదమైంది. లాక్‌డౌన్ నడుస్తుండగా, తెలుగు లాంటి భాషల్లో లేని పత్రం మీద అభిప్రాయం ఎలా చెబుతారన్న ప్రశ్న ఢిల్లీ హైకోర్టు దాకా పోయింది. 2020 జూన్ 30న కోర్టు ఆ గడువును ఆగస్టు 11 వరకు పొడిగించి, ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లోకి అనువదించమన్నది.

2022లో జిల్లాల విభజన ప్రకటనను కూడా ఇక్కడే ఒక్క మాటలో తలుచుకోవాలి. జనవరి చివర్లో వచ్చిన ప్రాథమిక నోటిఫికేషన్ 30 రోజుల్లో అభ్యంతరాలు, సూచనలు కలెక్టర్లకు ఇమ్మన్నది. పటం ఇచ్చారు, మండలాల జాబితా ఇచ్చారు, తేదీ ఇచ్చారు. అన్నమయ్య జిల్లాకు రాయచోటిని కేంద్రంగా ఏ కొలమానంతో ఎంచారన్నది మాత్రం ఇవ్వలేదు. దూరమా, జనాభానా, భవనాలా, నీళ్ళా? కొలమానం చెప్పకపోతే దాన్ని ఖండించడానికి గానీ సమర్థించడానికి గానీ ఎవరికీ చేతికి ఏమీ దొరకదు. అందుకే రాజంపేటలో జవాబులు కాగితం మీద కంటే రోడ్డు మీద ఎక్కువ వచ్చాయి. ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు మొదలైనప్పుడు కేంద్రం రాయచోటే.

ఇప్పుడు నిర్మాణాత్మకంగా ఒకటి చేసి చూద్దాం. సీమలో ఎక్కడో ఒక ఊరి పక్కన ఇలాంటి వ్యర్థాల పాండ్ కట్టాలనుకుంటున్నారనుకుని, సభ ప్రకటనను కర్నూలు నోటీసు క్రమశిక్షణతో తిరిగి రాద్దాం. పత్రికల ప్రకటనతోపాటు పాండ్ చుట్టూ ఉన్న ప్రతి ఇంటికీ ఒక కాగితం వెళ్ళాలి. మొదటి ప్రశ్న బోరు గురించి. ఏ సర్వే నంబరులో ఉంది, ఏ సంవత్సరం వేశారు, ఎన్ని అడుగులు, ఏప్రిల్ నెలలో రోజుకు ఎన్ని గంటలు నీళ్ళు పోస్తుంది? రెండోది వాడకం గురించి. ఆ నీళ్ళు తాగడానికా, పశువులకా, అరటికా, చీనీకా? భూమి మీదేనా, కౌలుకు చేస్తున్నారా? కౌలుదారుణ్ణి విడిగా అడగకపోతే అతను లెక్కలోనే ఉండడు. మూడోది నివేదిక గురించి. నీటి నమూనాల పట్టికలో మీ ఊరు ఉందా, లేకపోతే ఏ బోరులో నమూనా తీయమంటారు? నాలుగోది రేపటి గురించి. నీళ్ళు చెడ్డాయని మీకు అనుమానం వస్తే ఎవరికి చెప్పాలి, ఎన్ని రోజుల్లో పరీక్ష చేయించాలి? అయిదోది ఖాళీ పేజీ. ఈ ప్రాజెక్టు వద్దనుకుంటే, లేదా పైన అడగనిది ఏదైనా చెప్పాలనుకుంటే ఇక్కడ రాయండి, రాయలేకపోతే చెప్పండి, రాసుకుంటాం.

అడిగేవాళ్ళు కూడా ఆ కాగితంలోనే ఒక మాటకు కట్టుబడాలి. నీళ్ళు చెడడమంటే ఏమిటో ముందే చెప్పాలి. తాగునీటిలో యురేనియం లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకం. మన అణుశక్తి నియంత్రణ బోర్డు పెట్టుకున్న హద్దు 60. ఒక బోరులో 45 వచ్చిందనుకుంటే, ఒక లెక్కన ఆ నీళ్ళు తాగకూడదు, ఇంకో లెక్కన తాగవచ్చు. ఏ హద్దును పాటిస్తామో ప్రాజెక్టుకు ముందు రాయకపోతే, పదేళ్ళ తర్వాత ప్రతివాళ్ళూ తమకు అనుకూలమైనది ఎత్తుకుంటారు.

గడువు లెక్క కూడా చట్టం ఇచ్చిన 30 రోజుల్లోనే ఇమిడిపోతుంది. మొదటి 15 రోజులు జనం రాయడానికి. ఇచ్చిన ప్రతి కాగితానికీ సచివాలయంలో నంబరుతో రసీదు. తర్వాతి 10 రోజులు సంస్థ జవాబు రాయడానికి, ప్రతి నంబరుకూ విడిగా, తెలుగులో. చివరి 5 రోజులు ఆ జవాబులు గోడ మీద ఉండాలి, జనం చదవాలి, చదివించుకోవాలి. ఆ 30 రోజులు ముగిశాక సభ. ఆ రోజు ఎవరైనా కొత్తగా లేచి మాట్లాడవచ్చు, ఆ హక్కు తీసేయకూడదు. కానీ సభలో ఎక్కువసేపు జవాబు నచ్చని అంశాల మీదే గడుస్తుంది. మొదటి 15 రోజుల తర్వాత వచ్చిన కాగితాన్ని ఏం చేస్తారో కూడా ముందే చెప్పాలి. సభ నాటికి నోటి జవాబు, నెలలోపు రాతపూర్వక జవాబు అంటే చాలు. గడువు రాసేవాడి మెడకే కాదు, బదులివ్వాల్సినవాడి మెడకూ ఉండాలి. విద్యుత్ మండలి పద్ధతిలో అలా రెండువైపులా గడువు ఉంది. చివరి 120 రోజుల గీత మండలికే వర్తిస్తుంది.

అడగడం విఫలమైందని గుర్తుపట్టడానికి అభిప్రాయాల కట్ట విప్పితే చాలు. అన్నీ ఒకే మాటలతో ఉంటే ఎవరో రాసిచ్చిన కాగితం మీద సంతకాలు పడ్డాయి, జనం దగ్గరున్న సమాచారం మనకు రాలేదు. పాండ్‌కు అతి దగ్గరి ఊరి నుంచి ఒక్క పేరూ లేకుండా, దూరపు పట్టణాల నుంచి పది పేర్లుంటే నోటీసు ఆ ఊరికి చేరలేదు. జవాబుల గడిలో ఒకే వాక్యం మూడుచోట్ల తిరిగి కనిపిస్తే జవాబులు రాసినవాడు ప్రశ్నలు చదవలేదు.

అసలు అడగకపోతే ఏమవుతుందన్నదీ కర్నూలు జిల్లాలోనే చూశాం. 2024లో దేవనకొండ మండలం కప్పట్రాళ్ళ అడవిలో యురేనియం అన్వేషణకు 68 బోర్లు తవ్వబోతున్నారన్న సంగతి చుట్టుపక్కల పల్లెలకు ఎవరూ కాగితం ఇచ్చి చెప్పలేదు, వార్తల్లో తెలిసింది. ఊళ్ళన్నీ కదిలాయి, రోడ్డెక్కాయి. చివరికి ప్రభుత్వం తవ్వకాలు ఉండవని చెప్పాల్సి వచ్చింది. అక్కడి నీళ్ళ గురించి, అడవి గురించి ఆ పల్లెలకు తెలిసినదేదీ ఏ దస్త్రంలోకీ ఎక్కలేదు.

కర్నూలు, కడప పాఠకులకు నా విన్నపం ఒక్కటే. ఈసారి "అభ్యంతరాలు, సూచనలు" ప్రకటన కంటపడితే ఒక్క పేజీ రాయండి. ప్రతిపాదనలో ఏ పట్టిక, ఏ అంకె మీద మీ మాటో మొదటి వాక్యంలోనే చెప్పండి. మీ సర్వే నంబరో, సర్వీసు నంబరో వేయండి. జవాబు రాతలో, ఫలానా తేదీలోగా కావాలని చివర అడగండి. రెండు ప్రతులు తీసుకెళ్ళి, రెండోదాని మీద ముద్ర వేయించుకుని ఇంటికి తెచ్చుకోండి. డిస్కంలు వచ్చే ఏటి లెక్కలు దాఖలు చేయాల్సిన ఆఖరు తేదీ నవంబరు 30.